నూరు రూపాయల మీటరు – మన నిధి కంపెనీ లేటు ఫీజు కథ



పోయిన ఆదివారం కూటంలో ఇద్దరు ముగ్గురు అడిగినారు. "లక్ష రూపాయలకు పైగా లేటు ఫీజు కట్టినారంట కదా, ఒక అర్జీ పెట్టి తగ్గించుకోలేకపోయినారా?" అని. అడిగింది న్యాయమే. అక్కడ మైకు ముందర రెండు మాటల్లో చెప్పలేకపోయినాము. అందుకే ఇక్కడ నిదానంగా రాస్తున్నాము. మేము బడిలో చదివింది తమిళం. తెలుగు అక్షరాలు పెళ్ళయినాక నేర్చుకున్నాము. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మన పిల్లల చదువు నిధి సంఘం పేరు మీద లేదు, సెక్షన్ 8 కంపెనీగా ఉంది. అంటే లాభం పంచుకోని కంపెనీ. వచ్చిన డబ్బంతా పిల్లల ఫీజులకే పోవాలి. దానికి ముగ్గురం డైరెక్టర్లం. ఒకరు రైల్వే గుమాస్తాగా రిటైరైన ఈ రాసేవాళ్ళం, ఒకరు టీచరుగా రిటైరైన అక్కయ్య, ఒకరు కొడుకు వ్యాపారంలో కూడా డైరెక్టరుగా ఉన్న తమ్ముడు. ముగ్గురికీ జీతం లేదు. జీతం లేదు కాబట్టి బాధ్యత కూడా తక్కువే అని మనసులో ఎక్కడో అనుకుని ఉంటాము. అదే మొదటి తప్పు.

కంపెనీ అన్నాక ప్రతి ఏడూ రెండు కాగితాలు ప్రభుత్వానికి చేరాలి. ఆడిట్ అయిన లెక్కలు AOC-4 అనే ఫారంలో, జనరల్ బాడీ జరిగిన 30 రోజుల లోపల. కంపెనీ వివరాలు, డైరెక్టర్లు ఎవరు, మీటింగులు ఎన్ని జరిగినాయి అనే వార్షిక రిటర్ను MGT-7 అనే ఫారంలో, 60 రోజుల లోపల. రెండూ కంప్యూటర్లోనే వేయాలి. సంతకం కూడా కంప్యూటర్ సంతకమే, ఒక చిన్న టోకెన్‌లో ఉంటుంది.

ఈ పని అంతా మన కోశాధికారి మామ చూసుకునేవాడు. ఆయన డైరెక్టరు కాదు, అయినా కంపెనీకి ఇచ్చిన ఈ-మెయిలు ఆయనదే. మా సంతకం టోకెన్ కూడా ఆయన బీరువాలోనే ఉండేది. ఏడాదికి ఒక్కసారి ఫోన్ చేసి "ఇంటికి వచ్చి పో, వేలు పెట్టే పని ఉంది" అనేవాడు. పోయి కాఫీ తాగి వచ్చేవాళ్ళం. ఏమి వేసినాడో ఎన్నడూ అడగలేదు. 2023 ఆగస్టులో ఆయన కాలం చేసినారు. ఆ సంగతి మీ అందరికీ తెలుసు.

ఆ ఏడు సెప్టెంబరు 30న జనరల్ బాడీ జరిపినాము. లెక్కలకు ఆడిటర్ సంతకం పెట్టినాడు. మరుసటి ఏడు 2024 సెప్టెంబరు 30న కూడా అట్లే. ఫారాలు ఆడిటర్ వేస్తాడని మేము అనుకున్నాము. ఆడిట్ చేయడం వరకే తన పని, ఫారాలు వేసేదానికి కోశాధికారి వేరే మనిషిని పెట్టుకున్నారని ఆయన అనుకున్నాడు. ఒకరినొకరు అడగలేదు. ఆయన మీద తప్పు లేదు. ఆయనకు మేము అప్పజెప్పింది ఆడిటే. అట్ల రెండేళ్ళు, నాలుగు ఫారాలు, ఎక్కడా చేరకుండా పోయినాయి.

నోటీసు 2025 జనవరి 13న, భోగి నాడు పుట్టింది. రిజిస్ట్రారు ఆఫీసు నుంచి. ఈ కాలంలో పోస్టుమాను రాడు. 2024 సెప్టెంబరు నుంచి ఈ జరిమానా విచారణలు పూర్తిగా కంప్యూటర్లోనే జరుగుతున్నాయి. నోటీసు మెయిలుకు పోతుంది. మన మెయిలు ఎవరిది? లేని మనిషిది. పొంగల్ సెలవులు అయిపోయినాయి. బెంగళూరులో ఉన్న మామ కూతురు, నాన్న ఫోన్ ఇంకా చార్జింగ్ పెట్టి ఉంచుకుంది. పాత మెయిళ్ళు చూస్తూ ఉంటే ఇది కనపడింది. జనవరి 24న ఫోన్ చేసింది. "అన్నా, ఇది నాన్నకు కాదు, మీకు వచ్చినట్టుంది" అనింది. ఆ పాప ఫోన్ పారేసి ఉంటే ఈ కథ ఇంకొక రకంగా ముగిసి ఉండేది.

నోటీసులో ఉన్నది ఇది. 2022-23 లెక్కలు వేయలేదు, సెక్షన్ 137. వార్షిక రిటర్ను వేయలేదు, సెక్షన్ 92. కంపెనీ మీద, డైరెక్టర్ల మీద జరిమానా ఎందుకు వేయకూడదో 30 రోజుల్లో చెప్పండి.

చూసిన వెంటనే మేము చేసింది ఏమంటే, కాగితం పెన్ను తీసినాము. ముప్పై ఏళ్ళకు పైగా కాట్పాడి, ఈరోడ్ గూడ్స్ షెడ్లలో పని చేసినవాళ్ళం. వ్యాగన్ టైముకు ఖాళీ చేయకపోతే డెమరేజి, సరుకు టైముకు ఎత్తుకోకపోతే వార్ఫేజి. వ్యాపారులు మాఫీ అర్జీ పెట్టేవాళ్ళు. లారీలు దొరకలేదు, వాన కురిసింది, కూలీలు రాలేదు అని. మేము దాని మీద రిమార్కు రాసి డివిజన్ ఆఫీసుకు పంపేవాళ్ళం. కారణం నిజమైతే కొంత, ఒక్కొక్కసారి మొత్తం కూడా, అధికారి కొట్టేసేవాడు. కొట్టేసే అధికారం ఎవరికి ఎంత వరకు అని రైల్వేలో రాసి పెట్టి ఉంటుంది. అందుకని లేటు ఫీజు అంటే మాకు తెలిసింది అదే: గట్టి కారణం, మర్యాదగా ఒక అర్జీ, పైన ఒక దయగల అధికారి.

అయిదు రోజులు కూర్చుని రాసినాము. మూడు పేజీలు. కోశాధికారి చావు, మా వయసు, అక్కయ్య కంటి ఆపరేషను, నిధిలో చదివే పిల్లల లెక్క, అన్నీ పెట్టినాము. చివర "లేటు ఫీజును కరుణతో తగ్గించవలసినది" అని. అక్కయ్య చదివి కళ్ళు తుడుచుకునింది. మాకు కూడా బాగా వచ్చిందనే అనిపించింది.

పంపేదానికి ముందు, మన సంఘంలోనే ఉన్న కంపెనీ సెక్రటరీ చదివిన పాపకు చూపించినాము. ఆ పాప మూడు పేజీలూ చదివింది. చదివి ఒక్కటే అడిగింది.

"మామా, ఫారాలు వేసినారా?"

"ఇంకా లేదమ్మా. ముందు ఫీజు తగ్గిస్తారేమో చూసుకుని..."

"ఈ అయిదు రోజులకు రెండు వేలు పోయింది మామా."

అప్పుడు కూర్చోబెట్టి వివరించింది. ఆ వివరమే ఈ పోస్టుకు ముఖ్యం. నిదానంగా చదవండి.

రెండు రకాల డబ్బు ఉంది. రెంటినీ మేము ఒకటిగా కలిపేసినాము. ఒకటి లేటు ఫీజు. చట్టంలో దాని పేరు అదనపు ఫీజు, సెక్షన్ 403. ఇంకొకటి జరిమానా, సెక్షన్ 92, 137 కింద రిజిస్ట్రారు ఆఫీసులో విచారణాధికారి వేసేది. తమిళంలో చదువుకున్న మనవాళ్ళకు ఇది సులభంగా తెలుస్తుంది. మొదటిది కట్టణం, రెండోది అపరాదం. బస్సులో టిక్కెట్టు వేరు, టిక్కెట్టు లేనందుకు వేసేది వేరు.

మొదట కట్టణం సంగతి. ఈ రెండు ఫారాలకు 2018 జూలై నుంచి ఒక్కొక్క ఫారానికి రోజుకు నూరు రూపాయలు. ఎన్ని రోజులైతే అన్ని నూర్లు, పై హద్దు లేదు. చిన్న కంపెనీ, పెద్ద కంపెనీ, ధర్మ కంపెనీ అని తేడా లేదు. ఫారం వేసే రోజు కంప్యూటరే లెక్క కట్టి చూపిస్తుంది. కడితేనే ఫారం తీసుకుంటుంది. మధ్యలో మనిషే లేడు. రిజిస్ట్రారుకు కూడా ఒక్క రూపాయి తగ్గించే అధికారం లేదు. మా మూడు పేజీలు ఎవరి బల్ల మీద పెట్టాలో ఆ బల్లే లేదు.

"అయితే ఎవరికీ ఎన్నడూ తగ్గించలేదా?" అని అడిగినాము. తగ్గించినారు, కానీ ఒక్కొక్కరికి కాదు. కేంద్ర మంత్రిత్వ శాఖ అప్పుడప్పుడు అందరికీ కలిపి ఒక పథకం తెరుస్తుంది. కరోనా ఏడు 2020లో అట్ల తెరిచినారు. ఏప్రిల్ 1 నుంచి డిసెంబరు 31 వరకు పాత ఫారాలు మామూలు ఫీజుతోనే వేసుకోనిచ్చినారు. అదనపు ఫీజు లేదు. మాకు నోటీసు వచ్చిన నాటికి అట్లాంటిది ఏదీ తెరిచి లేదు. ఎప్పుడో తెరుస్తారని కాచుకుంటే, నాలుగు ఫారాలకు కలిపి రోజుకు నాలుగు వందలు మీటరు తిరుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు అపరాదం సంగతి. అది కూడా చట్టంలోనే రాసి ఉంది. ఒక్కొక్క తప్పుకు పది వేలు, దాని పైన రోజుకు నూరు. కంపెనీకి ఎక్కువలో ఎక్కువ రెండు లక్షలు, ఒక్కొక్క డైరెక్టరుకు యాభై వేలు. మా లెక్క వేసి చూపించింది. ఫిబ్రవరి 10న ఫారం వేస్తే 2022-23 లెక్కలు 469 రోజులు లేటు, రిటర్ను 439 రోజులు లేటు. కంపెనీకి ఒకదానికి 56,900, ఇంకొకదానికి 53,900. డైరెక్టర్లకు రెండు తప్పులకూ హద్దు దాటుతుంది కాబట్టి తలా యాభై, యాభై, అంటే లక్ష. ముగ్గురికి మూడు లక్షలు. అంతా కలిపి 4,10,800. ఇది ఒక్క ఏటి లెక్కే. డైరెక్టరు మీద పడింది నిధి నుంచి కట్టేదానికి లేదు, సొంత జేబులోనుంచే. అక్కయ్య ముఖం చూడలేకపోయినాము.

చిన్న కంపెనీలకు జరిమానా సగమే అని ఎవరో చెప్పినారు కదా అని అడిగినాము. నిజమే, సెక్షన్ 446బి అని ఉంది. ఒక్క మనిషి కంపెనీలకు, చిన్న కంపెనీలకు, స్టార్టప్‌లకు, రైతు ఉత్పత్తిదారుల కంపెనీలకు సగానికి మించకూడదు. కానీ చట్టంలో 'చిన్న కంపెనీ' అనే నిర్వచనంలోనుంచి సెక్షన్ 8 కంపెనీలను తీసేసినారు. మన నిధికి ఏడాదికి వచ్చేది ఒక చిల్లర కొట్టు ఆదాయం అంత కూడా లేదు. అయినా చట్టం కంటికి మనం చిన్నవాళ్ళం కాదు. ఆ తలుపు కూడా మూసుకునింది.

"కానీ మామా, ఒక తలుపు ఉంది" అనింది పాప. 2020 సవరణలో సెక్షన్ 454లో ఒక వాక్యం చేర్చినారు. లెక్కలు, వార్షిక రిటర్ను వేయని తప్పు అయితే, నోటీసు ఇవ్వక ముందే గానీ, నోటీసు ఇచ్చిన 30 రోజుల లోపల గానీ ఆ తప్పు సరిదిద్దుకుంటే, జరిమానా వేయకూడదు. విచారణ ముగిసినట్టే. దయతో కాదు, చట్టం మాట ప్రకారం. నాలుగు లక్షల పది వేలు సున్నా అవుతుంది. అధికారి మనసు కరగనక్కరలేదు.

ఇక్కడ ఒక్క మాట మీద పెన్సిలుతో గీత గీసి చూపించింది. నోటీసు 'ఇచ్చిన' నాటి నుంచి 30 రోజులు. మన చేతికి 'అందిన' నాటి నుంచి కాదు. భోగి నాటి నుంచి లెక్కేస్తే ఫిబ్రవరి 12 ఆఖరు. మేము జనవరి 24 నుంచి లెక్క పెట్టుకుని ఫిబ్రవరి 23 వరకు టైముందని నిమ్మళంగా ఉన్నాము. ఆ పాప దగ్గరికి పోకుండా ఉంటే, బాగా రాసిన మూడు పేజీల అర్జీ పట్టుకుని పదకొండు రోజులు లేటుగా నిలబడి ఉండేవాళ్ళం.

ఆ రోజు జనవరి 29. చేతిలో రెండు వారాలు.

పని మొదలుపెడితే అడుగడుగునా ఒక తాళం. మొదటిది సంతకం టోకెన్. మామ ఇంట్లో బీరువా తీసి తెచ్చినాము. దాని గడువు ఎప్పుడో అయిపోయి ఉంది. కొత్తది తీసుకునేదానికి ఫోన్ ముందర కూర్చుని వీడియో ఇవ్వాలి, ఆధార్, పాన్ చూపించాలి. రెండోది మా డైరెక్టరు నంబరు. అప్పట్లో ప్రతి ఏడూ సెప్టెంబరు 30 లోపల DIR-3 KYC చేయాల్సి ఉండిందంట. మేమూ అక్కయ్యా చేయలేదు, నంబరు నిలిపేసి ఉంది. నిలిచిన నంబరుతో సంతకం పెట్టినా కంప్యూటర్ ఒప్పుకోదు. తెరిపించుకునేదానికి తలా అయిదు వేలు. అది కూడా దయ లేని లెక్కే. మూడోది ఆడిటర్ దగ్గర రెండేళ్ళ లెక్కల అసలు ప్రతులు తీసుకుని, ఫారానికి జత చేసేటట్టు సర్దడం. నాలుగోది వార్షిక రిటర్ను. మనం 'చిన్న కంపెనీ' కాదు కాబట్టి డైరెక్టరు సంతకం ఒక్కటి చాలదు, ప్రాక్టీసు చేసే కంపెనీ సెక్రటరీ సంతకం కూడా కావాలి. అది ఆ పాపే పెట్టింది. పైసా తీసుకోలేదు.

ఫిబ్రవరి 11 తైపూసం, బ్యాంకు సెలవు. 12న వేస్తామంటే సర్వర్ ఏమి చేస్తుందో ఎవరికి తెలుసు? కాబట్టి 10వ తేది సోమవారం అని గట్టిగా పెట్టుకున్నాము. ఆ రోజు పొద్దున తొమ్మిదికి కూర్చుంటే సాయంత్రం ఆరుకు నాలుగో చలానా వచ్చింది. ప్రతి ఫారానికీ SRN అని ఒక నంబరు ఇస్తుంది. ఆ నంబరు, చలానా మీద తేదీ, ఈ రెండే మన సాక్ష్యం. డబ్బు కట్టకుండా ఫారం ఎక్కించి వదిలేస్తే అది వేసినట్టు కాదు.

లెక్క ఇదిగో. 2022-23 ఫారాలు రెండు, 469 రోజులు, 439 రోజులు. 2023-24 ఫారాలు రెండు, 103 రోజులు, 73 రోజులు. మొత్తం 1,084 రోజులు. నూరు చొప్పున 1,08,400. మామూలు ఫీజు, మనకు షేర్ క్యాపిటల్ లేదు కాబట్టి ఫారానికి 200 లెక్కన 800. కలిపి 1,09,200. టైముకు వేసి ఉంటే ఆ ఎనిమిది వందలతోనే పోయేది.

చలానాలు చేతికి వచ్చినాకే జవాబు రాసినాము. మూడు పేజీలు పోయి ఒక్క పేజీ అయింది. ఇంగ్లీషులో పోయింది, సారం ఇది:

"మీ జనవరి 13 నోటీసు చూసినాము. 2022-23 లెక్కలు, వార్షిక రిటర్ను గడువులో వేయకపోయిన మాట నిజం, ఒప్పుకుంటున్నాము. ఫారాలు చూసుకుంటున్న గౌరవ కోశాధికారి 2023 ఆగస్టులో మరణించినారు. కంపెనీ ఈ-మెయిలు ఆయనది కావడం వల్ల ముందు వచ్చిన జ్ఞాపికలు మాకు అందలేదు. జనరల్ బాడీ గడువులోనే జరిగింది, లెక్కలు ఆడిట్ అయి ఉన్నాయి. రెండు ఫారాలూ పూర్తి అదనపు ఫీజుతో 2025 ఫిబ్రవరి 10న వేసినాము. నోటీసు ఇచ్చిన 28వ రోజు. SRN నంబర్లు, చలానాలు జత చేసినాము. తరువాతి ఏటి ఫారాలు కూడా అదే రోజు వేసినాము. కాబట్టి సెక్షన్ 454(3) మినహాయింపు కింద జరిమానా లేకుండా ఈ విచారణ ముగించవలసినదిగా కోరుతున్నాము. ఇకపై వచ్చే ఉత్తరాలకు కొత్త ఈ-మెయిలు ఇది."

అంతే. కంటి ఆపరేషను లేదు, కరుణ అనే మాట లేదు. మామ చావు ఒక్క వాక్యంలో ఉంది. అది కూడా జాలి కోసం కాదు, ఆలస్యానికి కారణం ఏమిటో రికార్డులో ఉండాలని. తప్పు ఒప్పుకునే వాక్యం పెట్టాలా అని తమ్ముడు సందేహించినాడు. పాప చెప్పింది, "తేదీలు వాళ్ళ కంప్యూటర్లోనే ఉన్నాయి అన్నా, లేదంటే నమ్మేదెవరు? ఒప్పుకుంటే మిగతా మాటలకు విలువ వస్తుంది" అని.

కొన్ని వారాలకు ఆర్డరు వచ్చింది. ఫారాలు 30 రోజుల లోపల వేసినందున జరిమానా లేదు, విచారణ ముగిసింది. అక్కయ్య ఆ ఆర్డరు ప్రింటు తీసి దేవుడి గూట్లో పెట్టింది. 2023-24కు నోటీసే రాలేదు. నోటీసుకు ముందే వేసినాము కాబట్టి దానికీ అదే రక్ష.

ఇంకొక ప్రమాదం మాకు తెలియకుండానే దగ్గరికి వచ్చి ఉండింది. వరసగా మూడు ఏళ్ళు లెక్కలు గానీ రిటర్నులు గానీ వేయకపోతే, సెక్షన్ 164 కింద ఆ డైరెక్టర్లు అయిదేళ్ళు అనర్హులు. మేము రెండు ఏళ్ళు దాటేసినాము. మూడోది తప్పి ఉంటే తమ్ముడు తన కొడుకు కంపెనీలో కూడా డైరెక్టరుగా ఉండేదానికి లేదు. జీతం లేని ధర్మం పని ఆయన అన్నం మీదికి వచ్చి ఉండేది.

ఇప్పుడు మీరు అడిగిన రెండో ప్రశ్న. ఆ లక్షా ఎనిమిది వేలు ఎక్కడిది? నిధిలోది కాదు. ఎనిమిది వందలు మాత్రం నిధిది, అది ఎట్లా కట్టవలసిందే. 1,08,400 మేము ముగ్గురం పంచుకుని నిధికి ఇచ్చి కట్టించినాము. మూడుతో భాగిస్తే సరిగా రాదు. ఇద్దరికి 36,133, గుమాస్తా పని చేసినందుకు ఒక రూపాయి ఎక్కువ వేసుకుని మాకు 36,134. నంబరు తెరిపించుకునే అయిదు వేలు ఎవరిది వాళ్ళదే. అక్కయ్య తన వాటా రెండు విడతలుగా ఇచ్చింది. వద్దు అక్కా, మేము వేసుకుంటామంటే ఒప్పుకోలేదు. "పిల్లలు నన్ను టీచరమ్మా అంటారు. లేటుగా వచ్చిన పిల్లలను నేను బయట నిలబెట్టినాను" అనింది. రసీదులు, చలానాలు, ఆర్డరు అన్నీ ఆఫీసు ఫైల్లో ఉన్నాయి. ఎవరైనా వచ్చి చూడవచ్చు. ఆ డబ్బు నిధి నుంచి పోయి ఉంటే ఈ ఏడు కొంతమంది పిల్లల ఫీజు ఆగేది. అట్ల జరగలేదు.

పనిలో పనిగా మార్చినవి చెప్తాము. కంపెనీ మెయిలు ఇప్పుడు ఒక మనిషిది కాదు, నిధి పేరు మీద ఉంది. ముగ్గురి ఫోన్లలోనూ తెరుచుకుంటుంది. టోకెన్ గడువు ఎప్పుడో మినిట్స్ పుస్తకం మొదటి పేజీలో రాసినాము. జనరల్ బాడీ రోజే ఆ తేదీకి 30, 60 కలిపి రెండు తేదీలు మినిట్స్‌లో ఎక్కిస్తాము. ఆ తేదీలకు SRN నంబర్లు చదివి వినిపించకపోతే సభ్యులు ఎవరైనా లేచి అడగండి. జనరల్ బాడీయే జరపలేదు కదా అని ఎవరైనా ధైర్యంగా ఉంటే, అది కూడా పనికిరాదు. జరగవలసిన ఆఖరు తేదీ నుంచే ఆ 30, 60 రోజులు లెక్కేస్తారు, అవి దాటితే మీటరు తిరుగుతుంది, జరపనందుకు ఇంకొక జరిమానా వేరే.

మన ఊళ్ళలో ఇట్లాంటి నిధులు, కళ్యాణ మండపం కంపెనీలు ఇంకా ఉన్నాయి. నోటీసు వస్తే వరస ఇది. నోటీసు మీద ఉన్న తేదీ చూడండి, దానికి 30 కలపండి. ఫారాలు వేసి డబ్బు కట్టండి. చలానా వచ్చినాకే జవాబు రాయండి. ఫీజు తగ్గించమని అడిగే అర్జీ వల్ల ఒక్క రూపాయి తగ్గదు. జరిమానా మాత్రం తేదీలు చూపిస్తే పూర్తిగా పోతుంది.

షెడ్డులో వ్యాపారులకు మేమే చెప్పేవాళ్ళం. "అయ్యా, ముందు వ్యాగన్ ఖాళీ చెయ్యి. అర్జీ తరువాత రాసుకో, నిలబడినంత సేపూ ఎక్కుతానే ఉంటుంది" అని. మన వంతు వచ్చేసరికి వ్యాగన్ నిలబెట్టి అయిదు రోజులు అర్జీ రాసినాము.

చివరగా ఒక సంగతి. టోకెన్ కోసం మామ ఇంటికి పోయినప్పుడు ఆయన గదిలో 2023 నెల క్యాలెండరు ఇంకా గోడకే ఉంది. అక్టోబరు 30 చుట్టూ, నవంబరు 29 చుట్టూ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి ఉన్నాయి. పక్కన AOC, MGT అని. పోయేటప్పటికి ఆ ఏటి పని కూడా ముందే గుర్తు పెట్టుకుని ఉన్నాడు. మేము ఒక్కసారి ఆ గోడ చూసి ఉంటే చాలేది. ఆయన కూతురు అడిగితే ఆ రెండు పేజీలు ఇచ్చింది. ఆఫీసు ఫైల్లో మొదటి కాగితాలు అవే.

ఇట్లు,
మీ నిధి డైరెక్టర్లలో రైల్వే ఆసామి